లక్కబొమ్మల రంగు మార్చేస్తున్న మీ ‘సీమ్‌లెస్ పేస్ట్’పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో పాత పేస్ట్ పద్ధతిని తీసేయడం, దానివల్ల కేటలాగ్ ఫొటోల్లో రంగులు పాడవడం.

అయ్యా,

ఏటికొప్పాక లక్కబొమ్మలు అమ్మేవాళ్లకు నేను కేటలాగులు చేసిపెడతాను. బొమ్మను తెల్లకాగితం మీద పెట్టి ఫొటో తీసి, దాన్ని టేకు బల్ల ఉన్న ఫొటోలోకి చేర్చడం నా పని. అంచు మెత్తబరిచి అతికించే పాత పద్ధతిని కొత్త వెర్షన్‌లో తీసేసి, దాని స్థానంలో ‘సీమ్‌లెస్ పేస్ట్’ ఒక్కటే ఉంచారు. అంచు నిజంగానే కనబడటం లేదు. కానీ పసుపుపచ్చ బొమ్మ ముదురు గోధుమరంగులో వస్తోంది. రంగు చూసి కొనే వస్తువుకు ఇది చిన్న లోపం కాదు.

ఫొటో సరిగ్గా తీయలేదేమోనని మీ సిబ్బంది రాశారు. ఫొటోలో తప్పు లేదు. అదే ఫొటో, అతికించాల్సిన భాగాన్ని గుర్తించే అదే మాస్క్ తీసుకుని ఓపెన్‌సీవీ అనే ఉచిత ప్రోగ్రామింగ్ లైబ్రరీలో ఇలా నడిపాను:

```
out = cv2.seamlessClone(src, dst, mask, center, cv2.NORMAL_CLONE)
```

అక్కడా బొమ్మ అలాగే నల్లబడింది. అంటే మీరు వాడుతున్నదీ 2003లో పెరెజ్, గాంగ్నే, బ్లేక్ ప్రచురించిన పాయిసన్ పద్ధతి లాంటిదేనని నా నమ్మకం. ఆ పద్ధతి బొమ్మలోని రంగులను తీసుకోదు. పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాలను, అంటే గ్రేడియెంట్లను మాత్రమే తీసుకుంటుంది. మాస్క్ అంచు మీద రంగు కొత్త ఫొటోలోని రంగుతో సరిగ్గా కలవాలని షరతు పెట్టి, లోపలి రంగులను ఆ తేడాల నుంచి మళ్లీ లెక్కగడుతుంది. అంచు దగ్గర రెండు ఫొటోలకూ ఉన్న తేడా మాస్క్ లోపలంతా పరుచుకుంటుంది.

నా ఫొటోలోని అంకెలతోనే చెబుతాను. తెల్లకాగితం ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 235, 235, 235. బల్ల విలువలు 90, 60, 40. అంచు చుట్టూ తేడా −145, −175, −195. అంచంతా ఒకే తేడా ఉంటే లోపలి ప్రతి పిక్సెల్‌కూ అదే తేడా కలుస్తుంది. బొమ్మ పసుపు 220, 180, 60. దానికి కలిపితే 75, 5, −135. సున్నాకన్నా తక్కువ విలువ ఉండదు కాబట్టి నీలం సున్నా దగ్గర ఆగిపోతుంది. అలా పోయిన వివరం తర్వాత వెలుగు పెంచినా తిరిగి రాదు.

నేను బొమ్మను చేర్చిన ఇంకో ఫొటోలో తల వెనక తెల్లగోడ, అడుగున బల్ల ఉన్నాయి. గోడ వైపు అంచులో తేడా దాదాపు లేదు, బల్ల వైపు చాలా ఉంది. దాంతో తల అసలు రంగులో, కిందికి వచ్చేకొద్దీ మాడినట్టు వచ్చింది. చూసేవాళ్లు దాన్ని నీడ అనుకోరు, బొమ్మ రంగే అలా ఉందనుకుంటారు.

మాస్క్‌ను బొమ్మ అంచుకు ఆనించి గీయమన్న మీ సలహా పరిస్థితిని ఇంకా చెడగొట్టింది. అప్పుడు బల్ల రంగుతో కలవాల్సింది కాగితం కాదు, బొమ్మ ఒళ్లే. పసుపు పట్టీ దగ్గర ఒక తేడా, ఎర్రపట్టీ దగ్గర ఇంకో తేడా లోపలికి పాకి, నున్నటి లక్క మీద మరకలు పడ్డాయి. ‘మిక్స్‌డ్’ మోడ్ వాడమని కూడా అన్నారు. అది ప్రతి పిక్సెల్ దగ్గరా రెండు ఫొటోల్లో ఏ గ్రేడియెంట్ బలంగా ఉంటే దాన్ని తీసుకుంటుంది. నున్నటి లక్కకన్నా టేకు చారలే బలమైనవి, అందుకని బొమ్మ గాజుదైనట్టు దాని ఒంట్లోంచి చారలు కనబడ్డాయి. కంచె, జాలీ లాంటి సందులున్న వస్తువులకు ఆ మోడ్ బాగా పనికొస్తుంది. గట్టి వస్తువుకు పనికిరాదు.

ఈ పద్ధతే చెడ్డదని నేను అనడం లేదు. రెండు ఫొటోల్లో అంచు చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ దగ్గరదగ్గరగా ఉంటే, ఆకాశంలోని పక్షిని ఇంకో ఆకాశంలోకి మార్చినట్టు, ఇంతకన్నా చక్కటి దారి లేదు. టేకు రంగు గుడ్డ పరిచి తీసిన బొమ్మ నాకూ చక్కగా కుదిరింది. కానీ అమ్మకందారులు నాకు పంపేవి తెల్లకాగితం మీది ఫొటోలే. వాటికి అంచు మెత్తబరిచే పాత పద్ధతే సరైనది, ఎందుకంటే అది అంచు దగ్గర తప్ప బొమ్మ రంగును ముట్టుకోదు.

కాబట్టి పాత పద్ధతిని తిరిగి ఇవ్వండి. సీమ్‌లెస్ పేస్ట్ నొక్కగానే మాస్క్ అంచు మీద సగటు తేడా ఎంతో చూపించి, అది ఎక్కువగా ఉంటే రంగు మారుతుందని ముందే హెచ్చరించండి. ‘ఏ బ్యాక్‌గ్రౌండ్‌కైనా సరిపోతుంది’ అని మీ సహాయ పేజీలో ఉన్న మాట నిజం కాదు, దాన్ని సరిదిద్దండి. పాత పద్ధతి తిరిగి ఇవ్వడం కుదరకపోతే ఈ ఏడాది రెన్యువల్‌కు కట్టిన సొమ్ము వాపసు చేయండి. అసలు ఫొటోలు, మాస్క్‌లు, రెండు ఫలితాలు ఈ లేఖతో జతచేశాను. ఈసారి జవాబు ఆ ఫైళ్లను తెరిచి చూసిన ఇంజనీరు నుంచి రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
కేటలాగ్ డిజైనర్,
విశాఖపట్నం