ఫిర్యాదు: మా రొయ్యల కొనుగోలు డ్యాష్‌బోర్డుకు హ్యాండోవర్ నోట్ ఇవ్వకపోవడం గురించి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీరు చేసిచ్చిన పవర్ బీఐ డ్యాష్‌బోర్డు బాగాలేదని ఈ ఉత్తరం రాయడం లేదు. దాన్ని తయారుచేసిన మీ అనలిస్టు ఉద్యోగం మానేశాడు, ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చారు. అది మీ ఇంటి సంగతి. కానీ ఆ కొత్త అబ్బాయి మాకే ఫోన్ చేసి "సార్, ఈ NetKg అనే కాలమ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగితే మేమేం చెప్పాలి? మీ సరుకు గురించి మీకు పాఠం చెప్పడానికి కూడా మేమే డబ్బు కట్టాలా?

మొదట ఆగిపోయింది రిఫ్రెష్. అంకెలు కదలడం లేదని మీ సపోర్టుకు చెబితే, ఫోన్ ఎత్తినామె బ్రౌజర్‌లో కాష్ క్లియర్ చేయమంది. చేశాం. తర్వాత ఇంకొకాయన స్క్రీన్‌షాట్ అడిగాడు, పంపాం. మరుసటి షిఫ్టులో వేరే ఆయన వచ్చి మళ్లీ అదే స్క్రీన్‌షాట్ అడిగాడు. చివరికి "మీ వైపు ఇంటర్నెట్ చూసుకోండి" అని రాసి టికెట్‌ను Resolved చేశారు. వెంటనే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని మెయిల్!

సంగతేమిటో మా స్టోర్స్ కుర్రాడు కనిపెట్టాడు. ఆ డేటాసెట్ వెళ్లిపోయినాయన పేరు మీదే ఉంది. కాటా కంప్యూటర్ ఫైలును గేట్‌వే ద్వారా తెచ్చే పాస్‌వర్డూ ఆయనదే. ఖాతా మూసేశాక రిఫ్రెష్ వరుసగా 4 సార్లు ఫెయిలయింది, దాంతో పవర్ బీఐ షెడ్యూలును తనంతట తానే ఆపేసింది. ఫెయిలైందన్న హెచ్చరికలు ఎవరికి పోయాయి? ఆ మూసేసిన మెయిలుకే. తెర మీద ఎర్ర గుర్తు కూడా లేదు, పాత అంకెలే దర్జాగా కూర్చున్నాయి. సెట్టింగ్స్‌లో Take over నొక్కి, పాస్‌వర్డులు మళ్లీ ఇచ్చి, షెడ్యూలు తిరిగి ఆన్ చేస్తే సరిపోయే పని ఇది. ఓనర్ ఎవరు, గేట్‌వే ఏ యంత్రం మీద ఉంది, హెచ్చరిక ఎవరికి వెళ్లాలి అని మూడు వాక్యాలు రాసిపెట్టి ఉంటే మీ ఏజెంట్లు మా కాష్ జోలికి వచ్చేవాళ్లు కాదు.

హ్యాండోవర్ నోట్ పంపండి అని అడిగితే "డాక్యుమెంటేషన్ మీ స్కోపులో లేదు సార్" అన్నారు. గట్టిగా అడిగాక ఒక పీడీఎఫ్ వచ్చింది. అందులో మీ లోగో ఉంది, చార్టుల బొమ్మలున్నాయి, ఏ రంగు ఎందుకు వాడారో వివరంగా ఉంది. డేటా సోర్స్ అన్న చోట "ఎక్సెల్" అని ఒకే మాట. ఏ ఎక్సెల్? మా దగ్గర కాటా ఇచ్చే ఫైలు వేరు, ల్యాబులో కౌంట్ రాసే షీటు వేరు. కాటా తూకం లారీ దిగినప్పుడే పడుతుంది. ల్యాబువాళ్లు సాఫ్ట్ రొయ్య తీసేసి కౌంట్‌ను తర్వాత సరిదిద్దుతారు. రెండింటినీ కలిపేది లాట్ నంబరు. లాట్ నంబరు ఒకచోట తప్పు పడితే ఆ లాట్‌కు కిలోలు ఉంటాయి, కౌంట్ ఉండదు. ఇలాంటివి రాయాల్సిన కాగితం మీద రంగుల గురించి రాశారు!

ఇక అసలు మంట సగటు కౌంట్ దగ్గర. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. కౌంట్ తక్కువైతే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఒక రోజు ఇందుకూరుపేట వైపు నుంచి 30 కౌంట్ 4,000 కిలోలు, కొత్తపట్నం వైపు నుంచి 60 కౌంట్ 1,000 కిలోలు వచ్చాయనుకోండి. మీ డ్యాష్‌బోర్డు 30, 60 కలిపి రెండుతో భాగించి 45 అంటుంది. కానీ మొదటి లాట్‌లో 1,20,000 రొయ్యలున్నాయి, రెండోదాంట్లో 60,000. మొత్తం 1,80,000ను 5,000 కిలోలతో భాగిస్తే 36. రోజంతా ఏ సైజు సరుకు కొన్నామో చూసుకునేది ఈ అంకెతోనే కదా, 36కూ 45కూ ధరలో ఎంత తేడానో మీకు తెలియకపోతే ఏ చెరువు గట్టు మీద రైతునైనా అడగండి.

ఈ సగటును లెక్కగట్టే మీ మెజర్‌లో ఉన్నది `AVERAGE(Receipts[CountPerKg])`. ఉండాల్సింది ఇది:

```
Avg Count =
DIVIDE(
    SUMX(Receipts, Receipts[NetKg] * Receipts[CountPerKg]),
    SUMX(FILTER(Receipts, NOT ISBLANK(Receipts[CountPerKg])), Receipts[NetKg])
)
```

కౌంట్ ఖాళీగా ఉన్న లాట్‌ల కిలోలను కింది మొత్తంలోంచి తీసేయాలి, లేకపోతే సగటు కౌంట్ ఉన్నదానికంటే తగ్గి రొయ్య పెద్దదిగా కనబడుతుంది. దీని గురించి చెబితే మీ ఏజెంటు ఇచ్చిన జవాబు: "మేము చెక్ చేశాం సార్, కరెక్టుగానే వస్తోంది." ఎందుకు రాదండీ! ఆయన చూసిన రోజు లాట్‌లన్నీ దాదాపు ఒకే బరువున్నాయి. అప్పుడు రెండు పద్ధతులకూ దాదాపు ఒకే జవాబు వస్తుంది. పెద్ద లాటూ చిన్న లాటూ కలిసిన రోజు చూడమంటే, ఆ మాట పై అధికారికి చెబుతానని పెట్టేశాడు. ఆ పై అధికారి ఎవరో మాకు నేటికీ తెలియదు.

రాత్రి లెక్క ఇంకో తమాషా. పట్టుబడి చాలావరకు రాత్రిపూటే, లారీలు అర్ధరాత్రి దాటాక దిగుతాయి. ఆ వేళ "ఈరోజు కొనుగోలు" అన్న గడిలో నిన్నటి మొత్తమే ఉంటుంది, తెల్లారి 5:30 దాటితే గానీ తేదీ మారదు. మీ మెజర్‌లో `TODAY()` ఉంది. పవర్ బీఐ సర్వర్ గడియారం నడిచేది యూటీసీలో, మన టైము దానికంటే 5:30 గంటలు ముందు. మీవాళ్లు తమ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అది ఆ ల్యాప్‌టాప్ టైమే తీసుకుంటుంది కాబట్టి అంతా సవ్యంగా కనబడుతుంది. అందుకే "మాకు బాగానే ఉంది సార్" అన్న పాట. `UTCNOW() + TIME(5, 30, 0)` నుంచి తేదీ తీసుకుంటే ఎక్కడ తెరిచినా ఒకటే వస్తుంది. పాత అనలిస్టుకు ఈ సంగతి తెలుసు, ఫోన్‌లో ఒకసారి మాకు చెప్పాడు కూడా. తెలిసిన లోపాలని రాసిపెట్టమని ఆయనకు మీరు చెప్పలేదు, అంతే.

మీ కంపెనీ చిన్నగా ఉన్న రోజుల నుంచీ మేము మీతోనే ఉన్నాం. కావలి వైపు తెలిసినవాళ్లకు మీ పేరు చెప్పింది మేమే. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవడం కూడా మాకు చేతనవును.

ఏఎంసీ రెన్యువల్ కాగితం మా అకౌంట్స్ టేబుల్ మీద ఉంది. సంతకం కావాలంటే నోట్ రావాలి. అందులో ప్రతి ఫైలూ ఎక్కడుంది, ఎవరు నింపుతారు, రోజులో ఏయే వేళల్లో రిఫ్రెష్ అవుతుంది, ప్రతి మెజర్ సూత్రం ఏమిటి, ఏ పరిస్థితిలో తప్పు చూపిస్తుంది అన్నవన్నీ ఉండాలి. కొత్త అబ్బాయి దాన్ని చదివి, మమ్మల్ని అడగకుండా ఒక రోజు లెక్క చేతితో సరిచూసి చూపించాలి. కుదరదంటే ఇప్పటిదాకా మీరు Resolved అని మూసిన టికెట్లన్నీ కట్టగట్టి మా లాయరు గారికి ఇస్తాం, పవర్ బీఐ ఫైలు మాకు అప్పగించి మీ దారి మీరు చూసుకోవచ్చు.

ఆ అబ్బాయిని పంపేట్టయితే పగలు కాదు, రాత్రి కాటా నడిచేటప్పుడు పంపండి. టీ మేమిస్తాం.

ఇట్లు,
కొనుగోళ్ల మేనేజరు,
రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్, నెల్లూరు జిల్లా