ఆ గోధుమరంగు బూట్ల గురించి

ప్రియమైన రవీ,

నువ్వు పంపిన బూట్ల ఫోటోలు నిన్న రాత్రి తీరిగ్గా చూశాను. అందంగానే ఉన్నాయి. అయినా డబ్బు కట్టకముందే కొన్ని సంగతులు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పక్కనుంచి తీసిన ఫోటో తెరిచి బాగా పెద్దది చేసి చూడు. పైతోలు, సోలు కలిసే అంచు చుట్టూ తెల్లదారం కుట్టు కనిపిస్తుంది కదా? నిజంగా దారంతో కుట్టినదైతే ప్రతి కుట్టు చివరా సూది దిగిన చిన్న గుంట ఉంటుంది. ఇందులో గుంటలే లేవు. దారం రబ్బరులో పోత పోసినట్టు నున్నగా ఉంది. అంటే ఇది అలంకారమే, సోలును నిజంగా పట్టి ఉంచేది జిగురు. జిగురుతో అతికించడం తప్పేమీ కాదు, పరుగుకు వాడే బూట్లు చాలావరకు అలాంటివే. కానీ కుట్టిన బూట్ల ధర అడుగుతూ కుట్టులా కనిపించే గీత చూపిస్తే నాకు నమ్మకం కుదరదు. పైగా పెట్టిన ఫోటోల్లో సోలు అడుగుభాగం ఒక్కదాంట్లోనూ లేదు. అది పంపమని అమ్మేవాళ్లను అడుగు.

ఇక సైజు. పట్టికలో 42 ఎదురుగా 26.5 సెంటీమీటర్లు అని ఉంది. అది పాదం పొడవా, బూటు లోపలి పొడవా అన్నది రాయలేదు. యూరప్ లెక్కలో ఒక్కో సైజుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 42కు బూటు అచ్చు పొడవు 28 సెంటీమీటర్లు. వేళ్ల ముందు ఖాళీ కోసం ఒకటిన్నర తీసేస్తే 26.5 వస్తుంది. కాబట్టి అది పాదం కొలతే అయి ఉండాలి. నీ పాదం 26.2 అన్నావు, 42 సరిపోతుంది. అయితే ఆ కొలత పొద్దున తీసుకుని ఉంటే సాయంత్రం మళ్లీ తీసుకో, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. గోడకు మడమ ఆనించి నిలబడి రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకో.

అభిప్రాయాల్లో "త్వరగా వచ్చింది, చాలా బాగుంది" అన్నవి వదిలెయ్యి. అవి పెట్టె తెరిచిన రోజు రాసినవి. నెలలు వాడాక రాసినవి వెతికితే ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే మాట చెప్పారు: వేళ్లు వంగే చోట సోలు విడిపోయిందట. ఒకరు మడమ అని, మరొకరు లేసు అని అంటే అంతగా పట్టించుకునేవాణ్ని కాదు. నడిచేటప్పుడు ఎక్కువగా వంగేది అక్కడే, ఇద్దరికీ అక్కడే ఊడిందంటే అతికించడంలోనే లోపం ఉన్నట్టుంది. ఒకరి ఫోటోలో అదే చోట పైపొర పెచ్చులుగా లేచి, కింద గుడ్డలాంటి పొర బయటపడింది. అసలు తోలు ముడతలు పడుతుంది కానీ అలా పెచ్చులూడి గుడ్డ కనిపించదు. వివరాల్లో మాత్రం "తోలు" అనే రాశారు.

నాకైతే ఇవి వద్దనే ఉంది. సోలు అడుగు ఫోటో వస్తే మాత్రం నాకూ పంపు, అది చూసి మళ్లీ మాట్లాడుకుందాం.

నీ
శేఖర్