ఊళ్ల పేర్లను ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చకండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా మామయ్య గూడ్స్ ఆటో నడుపుతాడు. తెలుగు చక్కగా చదువుతాడు, ఇంగ్లిషు రాదు. మొన్న ఎండాకాలంలో కర్నూలు జిల్లా ఎర్రగుడికి సరుకు తీసుకెళ్లాల్సి వచ్చింది. అశోకుడి శాసనాలున్న ఊరే అది. ఫోన్‌లో ఒక మ్యాప్ తెరిచి ‘ఎర్రగుడి’ అని కొడితే ఏమీ రాలేదు. టెన్షన్ పడి నాకు ఫోన్ చేశాడు. నేను Erragudi అని వెతికాను, అదీ రాలేదు. Yerragudi అన్నాక దొరికింది. దాని కింద తెలుగులో ఉన్న పేరు ‘యెర్రగుది’!

ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. మ్యాప్‌లో ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంటే, మనం తెలుగులో కొట్టిన పేరును సాఫ్ట్‌వేర్ అక్షరం వెంట అక్షరం ఇంగ్లిషులోకి మారుస్తుంది. ‘ఎ’ని E చేస్తుంది. కానీ మనం ‘ఎర్ర’ని పలికేటప్పుడు ముందు కాస్త యకారం వినిపిస్తుంది కాబట్టి, రికార్డు రాసినవాళ్లు చాలాచోట్ల Ye అని రాశారు. మొదటి అక్షరమే కలవకపోతే వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. పక్కనున్న గుత్తి సంగతి చూడండి. అక్షరాలా మారిస్తే Gutti అవుతుంది, రికార్డుల్లో ఉన్నది Gooty.

వెనక్కి, అంటే ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చడం ఇంకా కష్టం. d అంటే ‘ద’ కావచ్చు, ‘డ’ కావచ్చు. a పొట్టిదో పొడుగుదో తెలియదు. Kadapa అన్న ఆరు అక్షరాలకి మూడు a లు, ఒక d కలిపి పదహారు రకాల తెలుగు పేర్లు వస్తాయి. వాటిలో ‘కడప’ ఒక్కటే నిజం. మ్యాప్‌లో ‘పాడు’ బదులు ‘పాదు’, ‘గూడెం’ బదులు ‘గుదెం’ కనిపిస్తే, అది మనిషి రాసిన పేరు కాదని వెంటనే తెలిసిపోతుంది.

అందుకే తెలుగు పేరును ఊహించకూడదు, ముందే రాసిపెట్టుకోవాలి. ఎవరైనా మార్చగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దానికి విడిగా చోటుంది:

```
name:te=ఎర్రగుడి
alt_name:te=ఎఱ్ఱగుడి
name:en=Erragudi
alt_name:en=Yerragudi
```

ఇలా నాలుగూ ఒకే ఊరికి తగిలిస్తే ఏది కొట్టినా అక్కడికే చేరతాం. మాలాంటివాళ్లం తీరిక దొరికినప్పుడు నింపుతున్నాం కానీ, ఊరి పేరులో ‘ల’నో ‘ళ’నో మాకెలా తెలుస్తుంది? అది ఆ ఊరివాళ్లే చెప్పాలి.

మీ దగ్గర ఆ పేర్లు ఇప్పటికే ఉన్నాయి. పంచాయతీ బోర్డు మీద, అడంగల్‌లో తెలుగులోనే రాసి ఉన్నాయి. పంచాయతీ కార్యదర్శి చేత ఒకసారి సరిచూపించి, స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలోని ఊరి కోడ్, మండలం పేరు పక్కన ఆ తెలుగు పేరును, వాడుకలో ఉన్న ఇతర రూపాలను చేర్చి, ఎవరైనా వాడుకునేలా విడుదల చేయించండి. కోడ్ తప్పనిసరి, ఎందుకంటే కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు చాలా మండలాల్లో ఉన్నాయి. దయచేసి ఆ పట్టికను ఇంగ్లిషు జాబితా నుంచి మాత్రం తయారు చేయించకండి.

ఇట్లు,
మ్యాపుల్లో తెలుగు పేర్లు చేర్చే ఒక వలంటీరు