అమ్మలు జాతకంలో శుక్రుని నీచభంగం గురించి అప్పకు ఉత్తరం

దోహా,
శుక్రవారం రాత్రి

పూజ్యురాలైన అప్పకు, బావగారికి నమస్కారములు.

నీవు పంపిన జాతకం కాగితాలు చేరాయి. అమ్మలు పెళ్ళి మాట ముందుకు వెళ్ళకపోవడానికి ఆ కాగితాలే కారణమయ్యాయని చదివి చాలా బాధ కలిగింది. శ్రీకాకుళంలో మన సిద్ధాంతిగారు "నీచభంగ రాజయోగం ఉంది, దిగులు వద్దు" అన్నారని, అబ్బాయి తరఫున చూసినవారు "శుక్రుడు నీచలో ఉన్నాడు, పైగా మౌఢ్యంలో ఉన్నాడు, ఈ సంబంధం వద్దు" అన్నారని, ఇద్దరిలో ఎవరి మాట నిజమో చెప్పమని అడిగావు. మేనమామగా ఆ పిల్ల పెళ్ళిపీట దగ్గర నిలబడవలసినవాణ్ణి కనుక, నాలుగు రాత్రులు కూర్చుని మళ్ళీ మొదటి నుంచి లెక్క వేశాను. తాతగారు నేర్పిన పద్ధతిలోనే చూశాను.

ముందుగా పుట్టిన వేళ సంగతి. నీచ రాశి వల్ల గ్రహానికి వచ్చిన దౌర్బల్యం తొలగడమే నీచభంగం. అది చాలావరకు లగ్నాన్ని పట్టి ఉంటుంది కనుక, లగ్నం మారితే ఈ ఉత్తరమంతా మారిపోతుంది. అమ్మలు సాయంత్రం ఆరున్నరకు పుట్టిందని, అప్పటికే దీపాలు పెట్టామని నీవే అనేదానివి. ఆ రోజు సూర్యుడు కన్యలో 24 భాగలలో ఉన్నాడు. అస్తమయ వేళకు దానికి ఎదురుగా ఉన్న మీనం చివరి భాగాలు ఉదయిస్తూ ఉంటాయి. ఆ తరువాత సుమారు ఇరవై నిమిషాలకు మేషం మొదలై గంటన్నరకు పైగా ఉంటుంది. ఆశ్వయుజంలో మన ఊళ్ళో అయిదున్నరకే పొద్దు గూకుతుంది కనుక, నీవు చెప్పిన సమయంలో పది నిమిషాలు అటూ ఇటూ అయినా మేష లగ్నం కదలదు. ఇక్కడ అనుమానం లేదు.

మేష లగ్నానికి, పెళ్ళి సంగతి చూసే ఏడవ ఇల్లు తుల, దాని అధిపతి శుక్రుడు. కళత్రకారకుడు కూడా శుక్రుడే. అంటే భారమంతా ఒక్క గ్రహం మీదనే పడింది. ఆ శుక్రుడు ఆరవ ఇంట కన్యలో 19 భాగలలో ఉన్నాడు. కన్య శుక్రునికి నీచ రాశి, 27వ భాగ పరమనీచ. నవాంశలో ఊరట దొరుకుతుందేమోనని చూశాను. కన్యలో 6 భాగల 40 లిప్తల నుంచి 10 భాగల వరకు ఉన్న శుక్రుడు నవాంశలో మీనానికి చేరి ఉచ్చ పొందుతాడు, అదీ ఒక భంగమే. కానీ 19 భాగలంటే మిథున నవాంశ, కనుక ఆ ఊరట లేదు.

ఇప్పుడు సిద్ధాంతిగారు చెప్పిన భంగం దగ్గరకు వస్తాను. ఆయన ఇచ్చిన కంప్యూటర్ జాతకంలో "మూడు విధాల నీచభంగం" అని అచ్చయి ఉంది. మొదటిది, నీచ పొందిన రాశికి అధిపతి అయిన బుధుడు లగ్నం నుంచి కేంద్రంలో, అంటే ఒకటి, నాలుగు, ఏడు, పది ఇళ్ళలో ఒకదానిలో ఉన్నాడు. ఇది నిజమే, బుధుడు తులలో, అంటే ఏడవ ఇంట ఉన్నాడు. రెండవది, ఆ నీచ రాశిలో ఉచ్చ పొందే గ్రహం కేంద్రంలో ఉంది. కన్యలో ఉచ్చ పొందేది ఎవరు? మళ్ళీ బుధుడే. మూడవది, శుక్రుడు బుధుని ఇంట, బుధుడు శుక్రుని ఇంట ఉన్నారు కనుక పరివర్తన ఉంది. ఇందులోనూ బుధుడే. అప్పా, కాగితం మీద మూడుగా కనిపిస్తున్నది ఒకే గ్రహం, ఒకే స్థితి. ఒకే మనిషి మూడు కాగితాల మీద సంతకం పెట్టినంత మాత్రాన ముగ్గురు జామీనుదారులు ఉన్నట్టు కాదు కదా. శుక్రుని విషయంలో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఎందుకంటే కన్యకు అధిపతీ బుధుడే, అక్కడ ఉచ్చ పొందేదీ బుధుడే. మిగిలిన గ్రహాల నీచ రాశులలో ఈ రెండు పదవులూ ఒక్కరికే ఉండవు.

రెండవ నియమాన్ని పెద్దలు ఇంకొక విధంగా కూడా చెబుతారు. నీచ గ్రహానికి ఉచ్చ రాశి ఏదో, ఆ రాశికి అధిపతి కేంద్రంలో ఉండాలని వారి అర్థం. తాతగారు ఈ అర్థాన్నే పాటించేవారు, నాకూ ఇదే సరి అనిపిస్తుంది. ఎందుకంటే అప్పుడు రెండవ సాక్షి నిజంగా వేరొకరవుతారు. శుక్రుని ఉచ్చ రాశి మీనం, దాని అధిపతి గురుడు. అమ్మలు జాతకంలో గురుడు కుంభంలో ఉన్నాడు. అది లగ్నానికి పదకొండవ ఇల్లు, కేంద్రం కాదు. చంద్రుడు మిథునంలో ఉన్నాడు కనుక, చంద్రుని నుంచి లెక్కించినా గురుడు తొమ్మిదవ ఇంట పడతాడే తప్ప కేంద్రంలో పడడు. బుధుడు కూడా చంద్రుని నుంచి అయిదవ ఇంటనే ఉన్నాడు. కాబట్టి లెక్కకు నిలిచే భంగం ఒక్కటే, లగ్న కేంద్రంలో ఉన్న బుధుడు.

ఇక ఆ ఒక్క జామీనుదారుని బలం ఎంత? బుధుడు తులలో 5 భాగలలో, సూర్యుడు కన్యలో 24 భాగలలో ఉన్నారు. మధ్య దూరం 11 భాగలు. బుధుడు సూర్యునికి 14 భాగల లోపు ఉంటే అస్తంగతుడు, అంటే మౌఢ్యంలో ఉన్నట్టు. రాశి మారింది కనుక మౌఢ్యం లేదని కొందరంటారు. సూర్యకాంతిలో గ్రహం కనబడకపోవడమే మౌఢ్యం కనుక రాశి హద్దు దానికి అడ్డు కాదని నా నమ్మకం. బుధుడు ఎన్నడూ సూర్యునికి 28 భాగలు దాటి పోడు. అందుచేత శుక్రునికి బుధుని వల్ల భంగం చెప్పినప్పుడల్లా ముందు ఈ దూరాన్ని కొలిచి తీరాలి. కంప్యూటర్ కాగితంలో ఆ కొలత వేరే పేజీలో ఉంది. యోగం రాసిన పేజీలో దాని ప్రస్తావనే లేదు.

అయితే ఆ తరువాతి రోజుల పంచాంగం కూడా చూశాను. బుధుడు సూర్యునికన్నా వేగంగా ముందుకు పోతున్నాడు, మరో అయిదు రోజులలో మౌఢ్యం విడిచేవాడు. శుక్రుడు అలా కాదు. సూర్యునికి 5 భాగల వెనుక ఉండి, రోజురోజుకూ సూర్యుని వైపే జరుగుతున్నాడు. శుక్రమౌఢ్యం 10 భాగలు. అంటే బుధునిది విడిచిపోతున్న మౌఢ్యం, శుక్రునిది ముదురుతున్న మౌఢ్యం. ఈ రెంటినీ ఒకే తూకంలో వేయకూడదు.

అబ్బాయి తరఫువారు చెప్పినదానిలో నిజం ఇదే. నీచభంగం తీసివేసేది రాశి వల్ల వచ్చిన దౌర్బల్యాన్ని మాత్రమే. మౌఢ్యాన్ని అది తీసివేయదు, ఆరవ ఇంట ఉన్న శుక్రుణ్ణి అక్కడి నుంచి కదిలించదు. పరివర్తన వల్ల మేలు ఉన్నా, అది ఆరవ, ఏడవ అధిపతుల మధ్య జరిగింది. దుస్థానంతో జరిగిన ఇలాంటి మార్పిడిని దైన్య పరివర్తన అంటారు. కళత్రం వస్తుంది, కానీ దానితోపాటు ఆరవ ఇంటి విషయాలైన అప్పు, రోగం, తగాదా ఏదో ఒక రూపంలో గడప దాకా వస్తాయి. దీనిని రాజయోగం అని రాయడం నాకు నచ్చలేదు.

కానీ వారు అక్కడే ఆగిపోయారు, అది తప్పు. గురుడు కుంభం నుంచి తన తొమ్మిదవ దృష్టితో తులను చూస్తున్నాడు. అంటే ఏడవ ఇంటినీ, అందులో ఉన్న బుధునీ కూడా చూస్తున్నాడు. స్త్రీ జాతకంలో భర్తకు కారకుడిగా గురుణ్ణి చూడటం మన పెద్దల పద్ధతి. నీచభంగం జాబితాలో ఈ దృష్టికి చోటు లేదు కనుక ఇద్దరూ దీనిని వదిలేశారు. అయినా ఈ జాతకంలో వివాహాన్ని నిలబెట్టేది, నా లెక్కలో, భంగం కన్నా ఈ దృష్టే. శని పన్నెండవ ఇంట మీనంలో ఉండి శుక్రుణ్ణి ఎదురుగా చూస్తున్నాడు. దాని వల్ల ఆలస్యం తప్పదు. కానీ శని శుక్రునికి మిత్రుడు, కనుక నిదానం చేస్తాడే గాని చెరచడు.

కాలం సంగతి కూడా చెబుతాను. ఆరుద్ర నక్షత్రం కనుక రాహు దశతో మొదలై, గురు మహాదశ ముగిసి, ఇప్పుడు శని మహాదశలో శని భుక్తి నడుస్తున్నది. ఇది 3 సంవత్సరాల 3 రోజులు. చూసిన సంబంధాలు మాట దాకా వచ్చి జారిపోవడం ఈ భుక్తికి తగినట్టే ఉంది. దీని తరువాత వచ్చేది బుధ భుక్తి, 2 సంవత్సరాల 8 నెలల 9 రోజులు. భంగం చేసినవాడూ, ఏడవ ఇంట ఉన్నవాడూ, గురుదృష్టి పొందినవాడూ బుధుడే కనుక, వివాహం ఆ భుక్తిలో జరుగుతుందని నా అభిప్రాయం. ఈలోగా మంచి సంబంధం కుదిరితే కాదనవద్దు, కుదరలేదని పిల్లను ఒక్క మాట అనవద్దు.

శుక్రశాంతికి ఎవరో ఇరవై అయిదు వేలు అడిగారని రాశావు. అంత డబ్బు ఇవ్వకు. శుక్రవారం బొబ్బర్లు దానం చేసి, ఒక ఆదివారం పిల్లను అరసవల్లి తీసుకువెళ్ళు. మౌఢ్యం సూర్యుని వల్ల వచ్చింది కనుక ఆ స్వామి దగ్గరే మొక్కుకోవడం సబబు.

బావగారితో ఒక మాట చెప్పు. ఇకపై వచ్చే సంబంధాలలో అబ్బాయి ఉద్యోగం కన్నా ముందు ఆ ఇంటి అప్పులు, పొలం తగాదాలు, అబ్బాయి ఆరోగ్యం మొహమాటం లేకుండా అడగమను. ఆరు, ఏడు కలిసిన జాతకంలో ముందే తెలిసిన అప్పు వేరు, పెళ్ళయ్యాక బయటపడిన అప్పు వేరు. మన జాతకం దాచి పెట్టవద్దు. నీచ, మౌఢ్యం, గురుదృష్టి, మూడూ వారి ముందు పెట్టండి. ఇప్పుడు ఆగిపోయిన ఆ అబ్బాయి జాతకం దొరికితే నాకు పంపు. అతని ఏడవ ఇంట గాని, లగ్నంలో గాని శుభగ్రహ బలం ఉంటే, నేనే వారి సిద్ధాంతిగారితో ఫోనులో మాట్లాడతాను.

అమ్మలుకు నా ఆశీస్సులు. ఆసుపత్రి వారు ఇచ్చిన జనన సమయం చీటీ పాత ట్రంకుపెట్టెలో ఉండాలి, వెతికి ఫోటో తీసి పంపు.

నీ తమ్ముడు