శేషం చెప్పిన సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి దాటాక మీతో పాటు మిరప కోతలకు వెళ్లిన పిల్లలు జూన్‌లో మళ్లీ బడికొచ్చారు. మన గుంటూరు చుట్టుపక్కల ఇది ఏటా ఉండేదే. వాళ్లకు ఎక్కడ పాఠం తెగిపోయిందో మేం ఎలా పట్టుకుంటున్నామో ఒక్క లెక్కతో చెబుతాను.

ఐదో తరగతిలో భాగహారం నడుస్తోంది. 608ని 16తో భాగించాలి. ఒక పాప 'పదహారు మూళ్లు 48' అని సరిగ్గానే వేసింది. 60లోంచి 48 తీసేసి 28 అని రాసింది. పక్కన 8 దించుకుంటే 288 అయింది. పదహారో ఎక్కం పది దాకా చదివినా 160 దాటలేదు. పెన్సిల్ కింద పెట్టేసింది.

పాపకు భాగహారం రాదని అనుకోవడం తేలిక. కానీ శేషం 28, భాగించే 16 కన్నా పెద్దది. అలా వచ్చిందంటే పై మెట్టులోనే తప్పు జరిగిందన్నమాట. టీచరమ్మ పక్కన కూర్చుని, 28 ఎలా వచ్చిందమ్మా అని అడిగారు. "సున్నాలోంచి ఎనిమిది పోదు కదా టీచర్, అందుకని ఎనిమిదిలోంచి సున్నా తీశాను" అంది. అప్పు తెచ్చుకునే తీసివేత చెప్పిన రోజుల్లోనూ పాప ఊళ్లో లేదు. పాపకు రానిది ఈ ఏడాది పాఠం కాదు, చిన్న తరగతిలో తప్పిపోయిన పాఠం.

అందుకని పాపను కింది తరగతికి పంపలేదు. అదే పీరియడ్‌లో పది నిమిషాలు చీపురు పుల్లలు ముందు పెట్టాం. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన ఆరు కట్టలు. 48 ఇవ్వమంటే విడి పుల్లలు లేవు. ఒక కట్ట విప్పింది. ఐదు కట్టలు, పది విడి పుల్లలు అయ్యాయి. ఎనిమిది పుల్లలు, నాలుగు కట్టలు ఇచ్చేసింది. మిగిలింది 12. కట్ట విప్పిన వెంటనే నోట్‌బుక్‌లో 6 కొట్టేసి 5 రాయించాం. పుల్లలతో చేసిన పని అంకెల్లోకి అప్పుడే ఎక్కాలి, లేకపోతే అది ఆటగానే మిగిలిపోతుంది. తర్వాత 8 దించుకుంటే 128, పదహారు ఎనిమిదులు 128, జవాబు 38. పదహారో ఎక్కం కాగితం మీద రాసి పక్కనే ఉంచాం. రెండు కష్టాలు ఒకేసారి పెడితే ఏది రాలేదో మాకే తెలియదు.

వారం తర్వాత పుల్లలు తీసేసి 503లోంచి 268 తీయమన్నాం. మళ్లీ తడబడింది. మధ్యలో సున్నా ఉంటే అప్పు పక్కింట్లో దొరకదు. ముందు వంద కట్ట విప్పి పదులు చేయాలి, అందులో ఒక పది విప్పాలి. దానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఇప్పుడు 235 అని తనే చేసి, 268 కలిపి సరిచూసుకుంటోంది.

ఇంట్లో మీరు ఎక్కాలు అప్పజెప్పించకపోయినా పర్వాలేదు. ఆరు పది రూపాయల నోట్లు చేతిలో పెట్టి 48 రూపాయలు ఇమ్మనండి. చిల్లర ఎలా మార్చుకుంటారో చూడండి.

వచ్చే సంక్రాంతికి వెళ్లేముందు క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి. ఏ పాఠం దగ్గర ఆగారో నోట్‌బుక్ చివరి పేజీలో రాసిస్తాం. తిరిగొచ్చాక అక్కడి నుంచే మొదలుపెడతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు