చిన వాల్తేరు ఇంటి పెరటి కొళాయి

విశాఖపట్నం

ప్రియమిత్రుడు సూర్యానికి,

నీ ఉత్తరం చదివాను. వాషర్ మార్పించిన కొద్దిరోజులకే కొళాయి మళ్ళీ బొట్లు రాలుస్తోందని, ప్లంబరు మాత్రం కొళాయినే మార్చేయమంటున్నాడని రాశావు. మార్చవలసిన అవసరం నిజంగానే ఉండవచ్చు గాని, కొళాయి తల విప్పి లోపల చూడకుండా ఆ మాట చెప్పేవారిని నేను నమ్మను. మా చిన వాల్తేరు ఇంటి పెరట్లోని అరంగుళం ఇత్తడి కొళాయికీ ఇదే జబ్బు వచ్చింది కనుక, దాన్ని బాగుచేసిన తీరు వివరంగా రాస్తున్నాను.

ముందుగా నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడు. కట్టేసినా మూతినుంచి బొట్లు పడుతుంటే లోపం వాషర్‌లోనో, అది ఆనుకునే సీటులోనో, దాన్ని కిందికి నొక్కే స్పిండిల్‌లోనో ఉంటుంది. కొళాయి తిప్పినప్పుడు పిడి కింద కాడ చుట్టూ నీరు ఊరితే అది కాడ వెంట నీరు పైకి రాకుండా ఆపే గ్లాండు లోపం. దానికి వాషర్ మార్చి ప్రయోజనం లేదు. మా కొళాయి మూతినుంచే కారేది. పైగా పిడి పట్టుకుని పైకీ కిందికీ కదిపితే లూజుగా ఆడేది. బిగించేటప్పుడు గట్టిగా ఆగవలసినచోట ఒక్కసారిగా జారి మళ్ళీ తిరిగేది. స్పిండిల్ మరలు అరిగిపోయాయనడానికి అంతకన్నా గుర్తు అక్కరలేదు. అలాంటి స్పిండిల్ ఎంత కొత్త వాషర్ వేసినా దాన్ని సీటు మీదికి పూర్తిగా నొక్కలేదు. కారుతున్నకొద్దీ మనం ఇంకా బలంగా తిప్పుతాం, మరలు ఇంకా అరుగుతాయి.

ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టి, కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీటిని వదిలెయ్యి. పిడి ఊడదీసిన తరువాత, దాని కింద ఉన్న పెద్ద ఆరుపలకల తలను విప్పాలి. అయితే ముందు స్పిండిల్‌ను తెరిచే వైపు కొంత తిప్పి ఉంచు, లేకపోతే వాషర్ సీటును అదుముకుని ఉండి తల కదలదు. సముద్రపు గాలికి మా కొళాయి మరల్లో కిలుము పట్టి బిగుసుకుపోయింది. తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా ఉంచాక గాని కదలలేదు. ఇక్కడ ఒక్క విషయం మరిచిపోకు: ఒక రెంచితో తలను తిప్పేటప్పుడు రెండో రెంచితో కొళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవాలి. పాత ఇళ్ళలో గోడలోపలి ఇనుప పైపు లోలోపలే తుప్పు పట్టి ఉంటుంది. అది మెలిపడి విరిగిందంటే పది రూపాయల పని గోడ పగలగొట్టే పని అవుతుంది.

తల బయటికి వచ్చాక వాషర్‌ను తిరగేసి చూడు. దాని మీద గుండ్రంగా, సమంగా పడిన గాడి మామూలు అరుగుదలే. ఒకేచోట కోసినట్టుంటే సీటు అంచు దెబ్బతిన్నదని అర్థం. టార్చిలైటు వేసి చూసి, వేలికొనతో అంచు చుట్టూ తడిమితే గంటు తెలుస్తుంది. నీ కొత్త వాషర్ అంత తొందరగా పాడయిందంటే నా అనుమానం ప్రధానంగా దీనిమీదే. చిన్న గంటయితే సీటును చదును చేసే పనిముట్టుతో అరగదీయవచ్చు. లోతుగా ఉంటే మాత్రం ప్లంబరు మాటే నిజం. మా సీటు నున్నగానే ఉంది. వాషర్‌ను మోసే చిన్న ఇత్తడి బిళ్ళ మాత్రం గారపట్టి స్పిండిల్‌కు అతుక్కుపోయింది. అది వదులుగా ఉంటేనే వాషర్ తిరగకుండా నిటారుగా దిగి సీటును నొక్కుతుంది. అతుక్కుంటే స్పిండిల్‌తో పాటు తిరిగి సీటు మీద రాసుకుని అరిగిపోతుంది.

స్పిండిల్ ఒక్కటే కొనకు. అది తిరిగే తల లోపలి మరలు కూడా దానితో పాటే అరిగి ఉంటాయి కనుక, తల, స్పిండిల్, వాషర్ కలిసిన సెట్టే తీసుకోవాలి. అరంగుళం కొళాయిలన్నిటికీ ఒకే సెట్టు పట్టదు. అందుకే పాతదాన్ని చింతపండుతో తోమి, పూర్ణా మార్కెట్ దగ్గరి దుకాణానికి పట్టుకెళ్ళి, మరలూ పొడవూ పిడి కూర్చునే పళ్ళూ పక్కపక్కన పెట్టి పోల్చాను. నువ్వూ అలాగే చెయ్యి.

బిగించేటప్పుడు స్పిండిల్‌ను తెరిచే ఉంచి, తలను మొదట చేత్తోనే తిప్పు. అడ్డంగా ఎక్కితే వెంటనే తెలుస్తుంది. తల కింది పలచని వాషర్ కూడా కొత్తదే వెయ్యి. తరువాత వాల్వు మెల్లగా తెరువు. కట్టిన వెంటనే మూతిలో నిలిచిన నీరు నాలుగు బొట్లు రాలుతుంది, దానికి కంగారుపడకు. కాడ చుట్టూ చెమ్మ కనిపిస్తే గ్లాండు నట్టును కొద్దికొద్దిగా బిగించు. మరీ బిగిస్తే పిడి తిరగదు. ఇప్పుడు మా కొళాయి రెండు వేళ్ళతో కట్టుబడుతోంది.

నీ కొళాయి తల విప్పాక సీటు ఎలా ఉందో, పాత వాషర్ మీద గాడి ఏ తీరున పడిందో రాయి. దాన్నిబట్టి సెట్టు కొనాలో, కొళాయే కొనాలో తేలుద్దాం.

నీ
రామం