బేరం మెసేజ్‌ను శుభాకాంక్షలు మింగేశాయి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి గాంధీరోడ్డు దగ్గర కిరాణా కొట్టు నడిపే నా మిత్రుడు ఏటా సంక్రాంతికి చిత్తూరు మండీ నుంచి బెల్లం తెప్పిస్తాడు. ఈసారి జనవరి 1 పొద్దున ఆరింటికే మండీ వ్యాపారి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, 20 బస్తాలు నీకని పెట్టినా. మధ్యాహ్నం రెండు లోపల చెప్పు, లేకుంటే కాళహస్తికి పంపిస్తా’. కాసేపటికి అదే వ్యాపారి అందరితో పాటు ఇతనికీ కొత్త సంవత్సరం బొమ్మ ఒకటి ఫార్వర్డ్ చేశాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. వాట్సాప్ లిస్టులో ఒక్కో పేరు కింద ఆఖరున వచ్చిన మెసేజే కనిపిస్తుంది. మిత్రుడు కొట్టు తెరిచి ఫోన్ చూసేసరికి వందల మెసేజ్‌లున్నాయి. మండీ వ్యాపారి పేరు ఎక్కడో అడుగున ఉంది, దాని కింద బొమ్మ గుర్తు, ‘హ్యాపీ న్యూ ఇయర్’ అన్న మాట మాత్రమే ఉన్నాయి. ఇదీ గ్రీటింగే అనుకుని తెరవలేదు. అవతల వ్యాపారికేమో రెండు బూడిదరంగు టిక్కులు కనిపించాయి. అవి మెసేజ్ ఫోన్‌కు చేరిందని చెబుతాయే గానీ చదివారని కాదు. జవాబు రాకపోయేసరికి వద్దనుకున్నాడేమోనని సరుకు కాళహస్తికి ఎక్కించేశాడు. మిత్రుడికి సంగతి మూడో తేదీన తెలిసింది. ఊళ్ళోనే కిలోకు 4 రూపాయలు ఎక్కువ పెట్టి 600 కిలోలు కొన్నాడు. 2,400 రూపాయలు చేతి నుంచి పోయాయి. చిన్న కొట్టుకు అది చిన్న మొత్తం కాదు. పాత స్నేహం కూడా కొన్నాళ్ళు బెడిసింది, నాకు అదే ఎక్కువ బాధ.

ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా 2018లోనే మన దేశంలో పరిమితి పెట్టారు. అది పుకార్లను ఆపడానికి తెచ్చింది. పండగ రోజు ఒక్కొక్కరూ పంపేది ఐదుగురికే అయినా, అందుకునేవాడి ఫోన్ నిండిపోవడం దానివల్ల ఆగదు.

సరఫరాదారులకు నా మనవి: గడువున్న బేరమైతే మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఒక్క ఫోన్ కొట్టండి. బేరం మాట్లాడే చాట్‌లో బొమ్మలు పంపకండి. కొట్ల వాళ్ళు తమ ముఖ్యమైన ముగ్గురు సరఫరాదారుల చాట్‌లను లిస్టు పైన పిన్ చేసుకోవచ్చు, ఎన్ని గ్రీటింగులు వచ్చినా అవి కిందికి జారవు. గ్రీటింగుల గ్రూపులను ఆర్కైవ్‌లో పడేస్తే లిస్టు తేలికవుతుంది.

తిరుపతి, చిత్తూరు వర్తక సంఘాలు ఇంకో పని చేయాలి. ధరలు, సరుకు కబుర్ల కోసం విడిగా ఒక గ్రూపు పెట్టి, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చాలి. శుభాకాంక్షలకు వేరే గ్రూపు ఉంచుకోవచ్చు. ఉగాది సరుకు బేరాలు మొదలయ్యేలోపే సంఘం పెద్దలు దీన్ని సమావేశంలో పెట్టాలని కోరుతున్నాను.

– ఒక వర్తకుడు, తిరుపతి